స్పెక్ షీట్‌లో పీ3 శాతం తర్వాత, ముందు మీ ఫోన్ తెలుపు చూడండి

మిడ్‌రేంజ్ ఫోన్ ఏది తీసుకున్నా స్పెక్ షీట్‌లో ఈ మధ్య ఒక వరస తప్పకుండా ఉంటోంది: 100% డీసీఐ-పీ3, 107 కోట్ల రంగులు, ఫ్యాక్టరీలోనే క్యాలిబ్రేట్ చేసిన డిస్‌ప్లే. దీని మీద రెండు రకాల వాళ్లు వాదించుకుంటుంటారు. ఒకళ్లు ఆ అంకెలు చూడందే ఫోన్ కొనరు. ఇంకొకళ్లు "ఏ ఫోన్లో అయినా రంగులు రంగులే, ఇదంతా సరుకు అమ్ముకునే మాట" అని కొట్టిపారేస్తారు. నాకు ఇద్దరితోనూ పేచీయే. గామట్ శాతం కోసం మామూలు జనం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టక్కర్లేదు. కానీ తన ఫోన్‌లో తెలుపు ఏ రంగులో ఉందో మాత్రం ప్రతివాళ్లూ చూసుకోవాలి. దానికి డబ్బులతో పనిలేదు, సెట్టింగ్స్‌లో రెండు నిమిషాలు చాలు. ఇక క్యాలిబ్రేషన్, అంటే స్క్రీన్ చూపే రంగును కొలిచి ప్రమాణానికి సరిచేయడం, మనం చేసుకునే పని కాదు. అది చెడితే పట్టుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ముందు గామట్ సంగతి. ఒక స్క్రీన్ చూపించగలిగే రంగుల హద్దునే గామట్ అంటారు. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు చిన్న వెలుగులుంటాయి. ఆ మూడూ ఎంత చిక్కటివైతే హద్దు అంత దూరం పోతుంది. ఈ హద్దులకు కొన్ని ప్రమాణాలున్నాయి. పాతది ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. అప్పటి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు ఏ రంగులు చూపగలవో వాటిని చూసి గీసిన హద్దు అది. పాతదే అయినా ఇవాళ్టికీ నెట్‌లో మనం చూసే ఫొటోలు, మామూలు వీడియోలు చాలావరకు దాని లోపలే ఉంటాయి. పీ3 డిజిటల్ సినిమా ప్రొజెక్టర్ల కోసం పుట్టింది. ఎరుపు, ఆకుపచ్చ వైపు ఎస్‌ఆర్‌జీబీ కంటే బాగా ముందుకు పోతుంది, నీలం కొస మాత్రం రెండింటికీ ఒకటే. బంతిపువ్వు నారింజ, పండు మిరప ఎరుపు, పట్టులో చిలకపచ్చ లాంటి రంగుల్లో ఆ అదనపు చోటు పనికొస్తుంది. మనిషి చర్మం, గోడలు, మట్టి, అన్నం, కాగితం, వీటిలో ఏదీ ఎస్‌ఆర్‌జీబీ దాటి పోదు.

శాతాల్లో ఒక తిరకాసు ఉంది. కొన్ని చవక ఫోన్ల మీద "72% ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ 1953 నాటి అమెరికా కలర్ టీవీ ప్రమాణం. దానిలో 72 శాతం అంటే విస్తీర్ణంలో దాదాపు ఎస్‌ఆర్‌జీబీ అంతే. కాబట్టి ఒక పెట్టె మీద "72%", ఇంకో పెట్టె మీద "100% ఎస్‌ఆర్‌జీబీ" ఉంటే రెండూ ఇంచుమించు ఒకే సరుకు కావచ్చు. పైగా చాలాసార్లు ఇచ్చే అంకె విస్తీర్ణానిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కొసల్ని కలిపితే వచ్చే త్రిభుజమే గామట్ హద్దు. ఆ త్రిభుజం పెద్దదైనా ఒక పక్కకు జరిగి ఉంటే అవసరమైన రంగులు కొన్ని బయటే మిగిలిపోతాయి. ఎంత విస్తీర్ణం అన్నది కాదు, ప్రమాణంలో ఎంత భాగాన్ని కప్పుతోంది అన్నది అసలు లెక్క. ఆ తేడా పెట్టె మీద ఎవరూ రాయరు. 107 కోట్ల రంగులన్నది ఇంకో లెక్క. ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే ఒక కోటి అరవై ఏడు లక్షల రంగులు, 1024 మెట్లు ఉంటే 107 కోట్లు. అంటే మెట్లు సన్నగా ఉన్నాయని అర్థం, హద్దు పెద్దదని కాదు. సూర్యాస్తమయం వీడియోలో ఆకాశం చారలు చారలుగా విడిపోకుండా ఉండటానికి పనికొస్తుంది, అంతే.

పెద్ద గామట్ ఉన్న స్క్రీన్‌లో ఇబ్బంది ఎక్కడంటే, చిన్న గామట్ కోసం చేసిన బొమ్మను దాని మీద ఎలా చూపించాలి అన్న దగ్గర. ఫొటోలో ఒక పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా 255, 0, 0 అని ఉన్నాయనుకుందాం. అది ఎస్‌ఆర్‌జీబీ ఫొటో అయితే, "ఎస్‌ఆర్‌జీబీలో ఉండే నిండు ఎరుపు చూపించు" అని ఆ అంకెల అర్థం. పీ3 స్క్రీన్ మీద అదే ఎరుపు రావాలంటే ఫోన్ ఆ అంకెల్ని 234, 51, 35గా మార్చి పంపాలి. ఎరుపు కాస్త తగ్గాలి, ఆకుపచ్చా నీలం కొద్దిగా కలవాలి. ఈ మార్పు చేసే ఏర్పాటునే కలర్ మేనేజ్‌మెంట్ అంటారు. ఆండ్రాయిడ్‌లోకి ఇది 8.0తో, 2017లో వచ్చింది. ఐఫోన్‌లో పీ3 స్క్రీన్ 2016 నాటి ఐఫోన్ 7తో మొదలైంది. మార్చకుండా 255, 0, 0ని ఉన్నదున్నట్టు స్క్రీన్‌కి పంపేస్తే ఫొటోలో ఎప్పుడూ లేని చిక్కటి ఎరుపు కనిపిస్తుంది. చాలా ఫోన్లలో వివిడ్ మోడ్ చేసేది ఇంచుమించు ఇదే. టమాటా మెరుస్తుంది, గడ్డి ప్లాస్టిక్‌లా అవుతుంది, మనుషుల బుగ్గలకు లేని ఎరుపు వస్తుంది. ఎక్కువ ఫోన్లు పెట్టెలోంచి తీసేటప్పటికే ఈ మోడ్‌లో ఉంటాయి.

మీ ఫోన్ ఏం చేస్తోందో చూడాలంటే ఈ మూడు వరసల్ని `red.html` అన్న ఫైల్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరవండి.

```html
<meta charset="utf-8">
<body style="margin:0;background:color(display-p3 1 0 0)">
<div style="width:50vw;height:50vh;margin:25vh 25vw;background:#f00"></div>
```

స్క్రీన్ నిండా చిక్కటి ఎరుపు, మధ్యలో కొంచెం నారింజ వైపు తిరిగిన ఎరుపు పెట్టె కనిపిస్తే మీ ఫోన్ రెండు హద్దుల్నీ వేరువేరుగా చూపిస్తోంది. పెట్టె కనిపించకుండా అంతా ఒకే ఎరుపైతే, స్క్రీన్ ఎస్‌ఆర్‌జీబీకే పరిమితమై ఉండొచ్చు, లేదా బ్రౌజరో, మీరు పెట్టిన మోడో రెండింటినీ కలిపేస్తూ ఉండొచ్చు. మోడ్ మార్చి మళ్లీ చూస్తే కారణం ఏమిటో చాలావరకు తేలిపోతుంది. చుట్టూ తెల్లగా ఉండి మధ్యలో మాత్రం ఎరుపు ఉంటే బ్రౌజర్ పాతది, దానికి ఆ ఆదేశం అర్థం కాలేదు. ఒక సంగతి గమనించండి: పెట్టె కనిపించినా ఆ తేడా ఎంత చిన్నదో. పక్కపక్కన పెడితే తప్ప కంటికి ఆనదు. పీ3 శాతం 95 ఉన్న ఫోన్‌కీ 100 ఉన్న ఫోన్‌కీ మధ్య తేడా కోసం డబ్బులు పెట్టొద్దని నేననేది అందుకే.

అసలు సరైన రంగులు జనానికి కావాలా అన్న ప్రశ్నకు 2017లోనే ఒక జవాబు దొరికింది. గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్‌ఎల్ ఫోన్‌ను ఎస్‌ఆర్‌జీబీకి దగ్గరగా క్యాలిబ్రేట్ చేసి వదిలింది. చేతికొచ్చిన వాళ్లు "రంగులు చచ్చిపోయినట్టున్నాయి" అని గొడవ చేశారు. కొద్ది వారాల్లోనే గూగుల్ ఒక అప్‌డేట్ ఇచ్చి Saturated అనే మోడ్ చేర్చాల్సి వచ్చింది. ఆ స్క్రీన్‌కు పక్కనుంచి చూస్తే మరీ ఎక్కువగా నీలం ఛాయ రావడం లాంటి నిజమైన లోపాలూ ఉన్నాయి, కాదనను. కానీ "చచ్చిపోయిన రంగులు" అన్నది లోపం కాదు, అంతకుముందు ఏళ్ల తరబడి వివిడ్‌కి అలవాటుపడిన కళ్లు చెప్పిన తీర్పు. వివిడ్ నచ్చితే వాడుకోండి, అందులో తప్పేమీ లేదు. సినిమా పాటలు చూసుకునే ఫోన్‌కి కొలతలు ఎందుకు? రంగు చూసి డబ్బులు ఇచ్చే, తీసుకునే దగ్గర మాత్రం ఆ ఇష్టం పనికిరాదు.

అక్కడ కూడా ఎక్కువ దెబ్బ తీసేది గామట్ కాదు, తెలుపు. కలర్ టెంపరేచర్‌ను కెల్విన్‌లలో కొలుస్తారు. పాతకాలపు పసుపు బల్బు 2700 కెల్విన్ దగ్గర ఉంటుంది, మనం డేలైట్ అని కొనే తెల్ల ట్యూబ్‌లైట్ 6500 దగ్గర. అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు. వేడి పెరిగితే రంగు చల్లబడటం ఏమిటని కొత్తవాళ్లు తికమకపడతారు. ఎర్రగా కాలిన ఇనుమును ఇంకా కాల్చితే తెల్లబడుతుంది కదా, అదే లెక్క. ఎస్‌ఆర్‌జీబీకీ ఫోన్లలో వాడే పీ3కీ ప్రమాణమైన తెలుపు డీ65, అంటే సుమారు 6500 కెల్విన్. కానీ వివిడ్ మోడ్‌లో చాలా ఫోన్ల తెలుపు 7000 నుంచి 8000 దాకా పోతుంది. నీలి తెలుపు షోరూమ్ దీపాల కింద పక్క ఫోన్ కంటే "తెల్లగా" కనిపిస్తుంది. ఎల్‌సీడీ స్క్రీన్లకైతే ఇంకో కారణం ఉంది. వాటి వెనక ఉండే వెలుగు సహజంగానే నీలం వైపు ఉంటే, దాన్ని 6500కి దించడానికి నీలం తగ్గించాలి. తగ్గిస్తే మొత్తం వెలుగు కొంత పోతుంది. పెట్టె మీద వెలుగు అంకె పెద్దగా కనిపించాలనుకునే వాళ్లు ఆ నష్టానికి ఒప్పుకోరు.

దీని ఫలితం ఏమిటో ఒక చీర మీద చూద్దాం. గోధుమరంగు జరీ ఉన్న క్రీమ్ రంగు మంగళగిరి పట్టు చీర ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. ఫొటోలో బట్ట విలువ 250, 240, 215. నీలం మిగతా రెండింటికంటే తక్కువ, అందుకే అది క్రీమ్. 8000 కెల్విన్ తెలుపు ఉన్న స్క్రీన్, 6500 ప్రమాణంతో పోలిస్తే, తెల్లటి పిక్సెల్‌ను 255, 255, 255గా కాకుండా సుమారు 227, 233, 255లా చూపిస్తుంది. అంటే ఎరుపులో పదకొండు శాతం, ఆకుపచ్చలో దాదాపు తొమ్మిది శాతం కోత. మన క్రీమ్ చీరకు అదే కోత వేస్తే 223, 219, 215 అవుతుంది. మూడంకెలూ దాదాపు సమానం. క్రీమ్ పోయి తెలుపు మిగిలింది. అమ్మినావిడ క్రీమ్ అంది, కొన్నావిడ తెలుపు చూసింది, పార్సిల్ విప్పాక "పాత చీర పంపారు, పసుపెక్కింది" అన్న గొడవ. ఇద్దరూ అబద్ధమాడలేదు.

ఇక్కడ కంటి సంగతి కూడా చెప్పాలి. మన కన్ను ఎదురుగా ఉన్న తెలుపుకి సర్దుకుపోతుంది. అదే ఫొటోను తెల్లటి పేజీ మధ్యలో చూస్తే, నీలి తెలుపు పక్కన క్రీమ్ కాస్తయినా క్రీమ్‌గానే తెలుస్తుంది. ఫొటో నొక్కి స్క్రీన్ నిండా పెద్దది చేసి, చుట్టూ నల్లగా ఉన్నప్పుడు చూస్తే పోల్చుకోవడానికి తెలుపు ఉండదు. అప్పుడే ఎక్కువ మోసపోతాం. రంగు తేల్చుకోవాలంటే ఫొటోని పెద్దది చేయకుండా, లైట్ థీమ్‌లో తెల్ల పేజీ మీద చూడటం మేలు. జనం చేసేది సరిగ్గా దీనికి తిరుగు.

ఇదే సర్దుబాటు ఇంకో పేచీకి మూలం. వివిడ్‌కి అలవాటైన కంటితో, రంగుల్ని ప్రమాణానికి దగ్గరగా చూపే నేచురల్ మోడ్ పెట్టగానే స్క్రీన్ పసుపుగా, మురికిగా కనిపిస్తుంది. చాలామంది అర నిమిషంలో వెనక్కి మార్చేస్తారు. రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. తర్వాత వివిడ్ పెట్టి చూస్తే తెలుపు కాదు, లేతనీలం కనిపిస్తుంది.

మార్చే చోటు ఒక్కో ఫోన్‌లో ఒక్కో రకం. శాంసంగ్‌లో Settings > Display > Screen mode లోకి వెళ్లి Natural ఎంచుకోవాలి. Vividలోనే ఉండాలనుకుంటే కింద White balance అనే గీత ఉంటుంది, దాన్ని Warm వైపు జరుపుకోవచ్చు. పిక్సెల్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్ లోపల Colors, అందులో Natural. షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో Color scheme కింద Original color. వన్‌ప్లస్‌లో Screen color mode కింద Natural. వెర్షన్ మారినప్పుడల్లా పేర్లు అటూఇటూ అవుతుంటాయి, సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో color అని కొడితే దొరికిపోతుంది. ఐఫోన్‌లో ఇలాంటి మోడ్‌లు లేవు. కలర్ మేనేజ్‌మెంట్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అవసరమూ లేదు. అక్కడ చూడాల్సింది True Tone. గదిలోని వెలుగును బట్టి తెలుపును మార్చే ఏర్పాటు అది. చదువుకోవడానికి హాయిగా ఉంటుంది, రంగు తేల్చుకునేటప్పుడు మాత్రం ఆపేయాలి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సిన స్విచ్ ఇంకోటి ఉంది. శాంసంగ్‌లో Eye comfort shield, పిక్సెల్‌లో Night Light, షావోమీలో Reading mode, ఐఫోన్‌లో Night Shift. సాయంత్రం కాగానే దానంతట అదే ఆన్ అయ్యేలా ఒకసారి పెట్టి మర్చిపోతారు. రాత్రి తొమ్మిదింటికి చీరలు చూసుకునేవాళ్ల ఫోన్లలో అది ఆన్‌లోనే ఉంటుంది, అప్పుడు పై లెక్క తిరగబడి తెల్లచీర క్రీమ్ అవుతుంది, లేత నీలం బూడిద అవుతుంది. "ఫోన్ పసుపుగా మారిపోయింది, డిస్‌ప్లే పోయింది" అంటూ వచ్చే ఫిర్యాదుల్లో ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు గీతలిచ్చే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్ జోలికి పోకపోవడమే మంచిది. పోయినా ఏ గీతనీ పెంచకుండా తగ్గించి మాత్రమే చూడండి. దేంతో పోల్చుకుంటారన్నది కూడా చిక్కే. చాలామంది తెల్ల కాగితం పక్కన పెట్టి స్క్రీన్‌ను దానికి సరిపెట్టాలని చూస్తారు. జిరాక్స్ కాగితంలో తెలుపు పెంచడానికి మెరుపు రసాయనాలు కలుపుతారు, అవి పగటి వెలుగులో నీలంగా మెరుస్తాయి. ఆ కాగితానికి సరిపెడితే స్క్రీన్ మళ్లీ నీలం వైపే పోతుంది. దాన్ని బట్టి స్క్రీన్ మరీ పక్కదారి పట్టిందా లేదా అన్నది మాత్రం తెలుసుకోవచ్చు.

స్క్రీన్ సరిచేసుకున్నంత మాత్రాన ఫొటో సరైపోదు. నిజానికి నేచురల్ మోడ్ పెట్టాక మొత్తం గొలుసులో స్క్రీన్ వల్ల వచ్చే తప్పే అన్నిటికంటే చిన్నది. పెద్ద తప్పు ఫొటో తీసే చోట జరుగుతుంది. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ అంటే, ఫ్రేమ్‌లో ఉన్నవాటిని చూసి ఇక్కడ వెలుగు ఏ రంగుదో ఊహించడం. ఎర్రచీరతో ఫ్రేమ్ నింపేస్తే ఆ ఎరుపులో కొంత దీపం వల్ల వచ్చిందనుకుని కెమెరా దాన్ని తగ్గించేస్తుంది. నిండు ఎరుపు ఇటుకరంగు అవుతుంది. చవక ఎల్‌ఈడీ బల్బుల్లో ముదురు ఎరుపు కాంతి తక్కువగా ఉంటుంది. దాని కింద తీసిన మెరూన్ గోధుమరంగుకి తిరుగుతుంది. వెలుగులోనే లేని ఎరుపును ఏ ఎడిటింగూ తెచ్చిపెట్టలేదు.

చీరలు అమ్ముకునేవాళ్లకు ఖర్చు లేని పద్ధతి ఇది. పగలు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, గదిలో దీపాలన్నీ ఆపేసి, చీర వెనక తెల్లటి లేదా బూడిదరంగు గుడ్డ వేసి తీయండి. ఫ్లాష్ వద్దు. కెమెరాలో సీన్ ఆప్టిమైజర్ లాంటిది ఉంటే ఆపేయండి. చీర మూలన ఒక తెల్లకాగితం ముక్క ఫ్రేమ్‌లోకి వచ్చేలా పెట్టండి. తర్వాత స్నాప్‌సీడ్‌లో White Balance తెరిచి, రంగు పట్టే గుర్తును ఆ కాగితం మీద పెట్టండి. ఉదాహరణకు రంగు అంకెలు చూపే యాప్‌లో కాగితం 214, 206, 188 ఉందంటే ఫొటో పసుపెక్కిందని అర్థం. సరిచేశాక మూడంకెలూ ఒకదానికొకటి నాలుగైదు తేడాలోకి రావాలి. కాగితం 255, 255, 255 అయిపోతే ఎక్స్‌పోజర్ ఎక్కువైంది, అందులో సమాచారం ఏమీ మిగల్లేదు, వెలుగు తగ్గించి మళ్లీ తీయాల్సిందే. కాగితంలోని మెరుపు రసాయనాల వల్ల ఇక్కడా కొంచెం తప్పు వస్తుంది, కానీ అది ట్యూబ్‌లైట్ చేసే నష్టం ముందు లెక్కలోకి రాదు. కాగితం ముక్కను ఫొటోలోంచి కోసేయకండి, చూసేవాళ్లకు కూడా అదే ఆధారం.

ఎడిట్ చేసే ఫోన్ మాత్రం వివిడ్‌లో ఉండకూడదు. అందులో రంగులు ఎక్కువగా కనిపించి, అమ్మేవాళ్లు తగ్గించేస్తారు. ఆ ఫొటో నేచురల్‌లో ఉన్నవాళ్లకు వెలిసిపోయినట్టు పోతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న డబుల్ షేడ్ పట్టుకైతే ఏ క్యాలిబ్రేషనూ పనిచేయదు. అది చూసే కోణాన్ని బట్టి మారే రంగు. ఒక్క ఫొటోలో పట్టదు, మడత తిప్పుతూ పది సెకన్ల వీడియో తీయడమే దారి.

ఇదంతా చదివి ఫోన్‌ను ఏదైనా యాప్‌తో క్యాలిబ్రేట్ చేసుకుందామనుకునే వాళ్లకు ఒక మాట. కంప్యూటర్ మానిటర్‌కైతే కలరీమీటర్ అనే కొలిచే పరికరాన్ని స్క్రీన్ మీద ఆనించి, అది ఎంత తప్పుతోందో కొలిచి, ఆ తప్పు సరిచేసే ప్రొఫైల్‌ను వ్యవస్థ మొత్తానికీ ఎక్కించొచ్చు. ఫోన్‌లో అలా బయటి ప్రొఫైల్ ఎక్కించడానికి మామూలు వాడకందారుకి దారి లేదు. ప్లేస్టోర్‌లో "స్క్రీన్ క్యాలిబ్రేషన్" పేరుతో ఉన్న యాప్‌లు చాలావరకు స్క్రీన్ మీద ఒక పలచటి రంగు పొర వేస్తాయి, అంతే. కొలత లేనిదే క్యాలిబ్రేషన్ లేదు. ఫోన్ తన స్క్రీన్‌ను తాను కొలుచుకోలేదు. ఫ్యాక్టరీలో చేసే క్యాలిబ్రేషన్ ఒక్కటే నిజమైనది, అది ఒక్కో ఫోన్‌కీ విడిగా చేశారా, మొత్తం బ్యాచ్‌కి కలిపి ఒకే సవరణ వేశారా అన్నదాన్ని బట్టి ఒకే మోడల్‌లో రెండు ఫోన్ల మధ్య తేడా వస్తుంది.

డెల్టా ఈ అన్నది ఉండాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ మధ్య దూరం. ఒకటి లోపు కంటికి అందదు. మూడు దాకా పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. ఐదు దాటితే విడిగా చూసినా తెలిసే వీలుంది. రివ్యూల్లో 0.8 ఉన్న ఫోన్‌ని 1.6 ఉన్న ఫోన్‌కంటే రెట్టింపు మంచిదన్నట్టు రాస్తారు. వాడేవాడికి ఆ రెండూ ఒకటే. పైగా ఆ అంకె వచ్చింది నేచురల్ మోడ్‌లో. ఆ ఫోన్ కొన్నవాళ్లలో ఎక్కువమంది పెట్టెలోంచి తీసిన మోడ్‌లోనే, అంటే వివిడ్‌లోనే వాడతారు.

కొత్త ఫోన్ కొన్నప్పుడు రీప్లేస్‌మెంట్ గడువులో చూసుకోవాల్సింది డెల్టా ఈ కాదు, స్క్రీన్ అంతా ఒకే రంగులో ఉందా అన్నది. వెనక వెలుగు లేకుండా ప్రతి పిక్సెల్ తానే వెలిగే ఓఎల్‌ఈడీ స్క్రీన్లలో తక్కువ వెలుగు దగ్గర పిక్సెల్‌కి పోయే కరెంట్ చాలా తక్కువ. అక్కడ చిన్న తేడా వచ్చినా ఛాయ మారుతుంది. రాత్రి గదిలో దీపం ఆపి, బ్రైట్‌నెస్ అడుక్కి దించి, 26, 26, 26 విలువ ఉన్న ముదురు బూడిద బొమ్మను స్క్రీన్ నిండా పెట్టండి. ఒక అంచు ఆకుపచ్చగా, ఇంకో అంచు గులాబీగా ఉంటే క్యాలిబ్రేషన్‌లోనో ప్యానెల్‌లోనో లోపం ఉంది. దాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు, ఎందుకంటే కలర్ టెంపరేచర్ గీత నీలానికీ పసుపుకీ మధ్య నడుస్తుంది. ఆకుపచ్చ-గులాబీ తేడా దాని దారిలోనే లేదు. స్క్రీన్ మొత్తాన్నీ ఒకేలా మార్చే గీత ఒక మూలను సరిచేయడమూ కుదరదు. నైట్ లైట్ ఆపి చూశారో లేదో ఒకసారి నిర్ధారించుకుని, ఫొటో తీసి పెట్టుకుని, ఫోన్ మార్చమని అడగండి. కొంచెం పక్కకు వంచినప్పుడు తెలుపులో సన్నటి నీలి ఛాయ రావడం మాత్రం ఓఎల్‌ఈడీకి మామూలే, దానికి గొడవ పడక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద రంగు మార్పు ఫోన్ కొన్నప్పుడు కాదు, స్క్రీన్ పగిలాక జరుగుతుంది. బయట షాపులో కాంబో, అంటే గ్లాసు, టచ్, డిస్‌ప్లే కలిసిన సెట్టు, మార్పిస్తే ఫ్యాక్టరీ క్యాలిబ్రేషన్ పాత స్క్రీన్‌తో పాటే చెత్తబుట్టలోకి పోతుంది. ఐఫోన్‌లో ఇది సెట్టింగ్స్‌లోనే బయటపడుతుంది. పాత స్క్రీన్ డేటాను కొత్తదానిలోకి ఎక్కించకపోతే True Tone స్విచ్ మాయమయ్యే వీలుంది. దాన్ని ఎక్కించే పరికరం కొన్ని షాపుల్లో ఉంటుంది, పని అప్పజెప్పే ముందే అడగాలి. స్క్రీన్ పూర్తిగా పగిలి చచ్చిపోతే ఆ డేటా చదవడం కష్టం. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో ఆట నడుస్తుంది. ఓఎల్‌ఈడీలో ఒక రకమైన అమోలెడ్ ఉండాల్సిన చోట చవక ఎల్‌సీడీ కాంబో వేస్తారు. నలుపు నల్లగా కాకుండా బూడిదగా వెలుగుతుంది, తెలుపు నీలంగా ఉంటుంది, స్క్రీన్ ఒక వెంట్రుకవాసి మందంగా లేస్తుంది. కంటితో తేల్చుకోలేకపోతే వేలిముద్ర పెట్టి చూడండి. స్క్రీన్ కిందుండే ఆప్టికల్ సెన్సర్ ఓఎల్‌ఈడీ పిక్సెళ్ల సందుల్లోంచి చూస్తుంది, ఎల్‌సీడీ వెనక ఉండే బ్యాక్‌లైట్ పొర దాన్ని మూసేస్తుంది. కాంబో మార్చాక స్క్రీన్ లోపలి వేలిముద్ర పనిచేయడం మానేసిందంటే, చీకట్లో నల్ల బొమ్మ పెట్టి స్క్రీన్ వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే డబ్బులు ఇచ్చే ముందే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే.

ఒక వాదన మిగిలింది. ఫొటోగ్రఫీ, డిజైన్ చేసేవాళ్లకైనా పీ3 అవసరమే కదా అంటారు. నిజమే, కానీ వాళ్లలో కూడా ప్రింటుకి పంపేవాళ్లకు ఫోన్ గామట్ మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు నాలుగు సిరాలతో అచ్చవుతాయి. ఆ సిరాలకు స్క్రీన్ మీది నియాన్ ఆకుపచ్చ, మెరిసే నీలం, నిండు నారింజ అందవు. వాట్సాప్‌లో వచ్చిన ప్రూఫ్‌ను వివిడ్ మోడ్‌లో, ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూసి ఓకే చెప్పినవాళ్లు, కార్డు చేతికొచ్చాక ప్రెస్ వాణ్ణి తిడతారు. వెయ్యి కార్డులు అచ్చు వేయించే ముందు ఒకే ఒక్క కార్డు అచ్చు తీయించి, దాన్ని పగటి వెలుగులో చూసి ఖాయం చేయమనండి. ఒక్క నమూనా కార్డుకు అడిగిన డబ్బు ఇచ్చేయండి. ప్రింటు రంగు తేల్చడానికి ఏ ఫోనూ దానికి సాటి రాదు.